రెండూ RTX 3050 అయితే ధరలో ఇంత తేడా ఎందుకు?

“రెండు గ్రాఫిక్స్ కార్డులూ RTX 3050యే. ఒకటి 6 జీబీ, ఇంకోటి 8 జీబీ. 2 జీబీ మెమరీకే ఇంత తేడానా? చవకది తీసుకోవచ్చా?”

తేడా మెమరీ ఒక్కదానితో ఆగదండీ. 8 జీబీ కార్డులో 2560 కోర్లు ఉంటే, 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 మాత్రమే, క్లాక్ స్పీడ్ కూడా తక్కువ. పేరులో ఇదేమీ కనిపించకపోవడం కొనేవాళ్లకు నిజంగా అన్యాయం.

అసలు దెబ్బ మెమరీ బస్ దగ్గర, అంటే మెమరీకి డేటా వచ్చిపోయే దారి దగ్గర. వీటిలో ఒక్కో మెమరీ చిప్ 2 జీబీ, ఒక్కోదానికి 32 బిట్ల దారి. నాలుగు చిప్‌లుంటే 8 జీబీ, 128 బిట్లు. ఒకటి తీసేస్తే 6 జీబీ, 96 బిట్లు. అంటే చోటుతో పాటు దారి కూడా ఇరుకైంది. మెమరీ స్పీడ్ రెండిట్లోనూ ఒక్కో బిట్ దారికి సెకనుకు 14 గిగాబిట్లే కాబట్టి లెక్క తేలిక: 14ను 128తో గుణించి 8తో భాగిస్తే సెకనుకు 224 జీబీ, 96తో అయితే 168 జీబీ. అందుకే మెమరీ నిండకపోయినా గేముల్లో 6 జీబీది వెనకబడుతుంది.

అలాగని అది పనికిరానిది కాదు. 70 వాట్లే తీసుకుంటుంది కాబట్టి చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. మీ పీసీలో పాత, చిన్న పవర్ సప్లై ఉంటే అదే సరైనది. 130 వాట్ల కార్డును తట్టుకునే సప్లై ఉంటే మాత్రం 8 జీబీదే తీసుకోండి.

కార్డు పెట్టాక GPU-Z అనే సాఫ్ట్‌వేర్ తెరిచి Bus Width దగ్గర 128 ఉందో 96 ఉందో చూసుకోండి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌ది కొంటే.