ఆరు కిలోలు తగ్గితే అందులో కండ ఎంత? లెక్క చెప్పే మాట నమ్మొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. ఎత్తు 155 సెంటీమీటర్లు. నాలుగు నెలలు వాకింగ్ చేసి, అన్నం తగ్గించి 78 కిలోల నుంచి 72కి వచ్చాను. మా వారు కూడా అంతే, 78 నుంచి 72, ఆయన ఎత్తు 170. ఫోన్‌లో ఎత్తు, బరువు కొట్టి లీన్ మాస్ చూస్తే నాకు ఒకటిన్నర కిలో, ఆయనకు దాదాపు రెండున్నర కిలోలు పోయిందని వచ్చింది. కండ కరిగిపోతోందని జిమ్ అబ్బాయి ప్రొటీన్ పౌడర్ కొనమంటున్నాడు. నిజంగా కండ పోతోందా?

జవాబు: పోతోందో లేదో ఆ లెక్కకి తెలియదమ్మా. ముందు పౌడర్ డబ్బా కొనకుండా ఆగండి, కాగితం మీద ఆ లెక్క ఒకసారి మీరే వేసి చూడండి.

లీన్ మాస్ అంటే ఒంట్లో కొవ్వు తీసేస్తే మిగిలే బరువు. కండ ఒక్కటే కాదు, ఎముకలు, గుండె, కాలేయం, రక్తం, ఒంట్లో నీరు అన్నీ అందులోనే. కండ వాటా అందులో సుమారు సగం. మీరు వాడిన యాప్ లెక్క 1984లో వచ్చిన బోయర్ సూత్రంలా ఉంది, మీ ఇద్దరి అంకెలూ దానికి సరిగ్గా సరిపోతున్నాయి. బరువు కిలోల్లో, ఎత్తు సెంటీమీటర్లలో వేయాలి:

ఆడవాళ్లకు: 0.252 × బరువు + 0.473 × ఎత్తు − 48.3
మగవాళ్లకు: 0.407 × బరువు + 0.267 × ఎత్తు − 19.2

ఇప్పుడు మీది చూద్దాం. 72ని 0.252తో గుణిస్తే 18.1, 155ని 0.473తో గుణిస్తే 73.3, రెండూ కలిపి 48.3 తీసేస్తే 43.2 కిలోలు. బరువు 78 ఉన్నప్పుడు ఇదే లెక్క 44.7 వస్తుంది. తేడా ఒకటిన్నర కిలో, మీ ఫోన్ చెప్పింది ఇదే. కానీ ఈ మధ్యలో మారిందేంటి? మీ ఎత్తు మారలేదు, 48.3 మారలేదు, మారింది బరువు ఒక్కటే. దాని పక్కన 0.252 ఉంది కాబట్టి మీరు ఎలా తగ్గినా సరే, పస్తులుండి తగ్గినా, బరువులెత్తి తగ్గినా, విరేచనాలై తగ్గినా, కిలోకి పావు కిలో చొప్పున లీన్ మాస్ పోయిందనే ఆ లెక్క చెబుతుంది. మీ వారికి 0.407 కాబట్టి కిలోకి 400 గ్రాములు, ఆరు కిలోలకి 2.4. ఆయన ఒంట్లో మీకంటే ఎక్కువ కండ కరిగిందని కాదు, మగవాళ్ల సూత్రంలో ఆ అంకె పెద్దది, అంతే సంగతి.

మరి వేర్వేరు సూత్రాలు ఎందుకంటే, ఒకే బరువున్న ఆడామగా ఒంట్లో కొవ్వు పాలు ఒకేలా ఉండదు. మీ ఇద్దరూ ఇప్పుడు 72 కిలోలే కదా, లెక్క ప్రకారం ఆయన లీన్ మాస్ 55.5, మీది 43.2. ఆడవాళ్లలో పెరిగే బరువులో కొవ్వే ఎక్కువ ఉంటుంది కాబట్టి బరువుని చూసి లీన్ మాస్ ఎంతుందో చెప్పడం కష్టం, అందుకే సూత్రం ఎత్తు మీద ఎక్కువ ఆధారపడింది. అదే మీ అంకెల్ని పొరపాటున మగవాళ్ల సూత్రంలో వేస్తే 51.5 వస్తుంది, ఏకంగా ఎనిమిది కిలోలు ఎక్కువ. చాలా యాప్‌లు తెరవగానే 'మేల్' అనే ఉంటాయి, అది మార్చకుండా లెక్క చూసుకుని సంబరపడినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఒకావిడైతే ఎత్తు అంగుళాల్లో 61 అని కొట్టి, లీన్ మాస్ మైనస్‌లో వచ్చిందని స్క్రీన్‌షాట్ తీసి మరీ తెచ్చారు. నవ్వాపుకోలేకపోయాం, ఆవిడ కూడా.

అసలు ఈ సూత్రం బరువు తగ్గేవాళ్ల కోసం పుట్టింది కాదు. ఒంట్లోని ద్రవాల పరిమాణాన్ని మనిషికీ మనిషికీ పోల్చడానికి ఒక కొలబద్ద కావాలని తయారుచేసుకున్నది. డాక్టర్లం కూడా ఇలాంటి సూత్రాలు వాడతాం, ఎక్కువగా కొన్ని మందుల డోసు లెక్కకట్టేటప్పుడు, అక్కడ సుమారు అంకె ఉంటే చాలు. అక్కడా తప్పుతాయి. జేమ్స్ సూత్రమని ఇంకొకటుంది, మీ ఎత్తున్న మహిళకి 87 కిలోల దగ్గర 46.5 చూపిస్తుంది, అదే 120 కిలోలుంటే 39.7కి దిగిపోతుంది. బరువు పెరిగే కొద్దీ కండా ఎముకా తగ్గుతాయా ఎక్కడైనా! అందుకే బాగా లావున్నవాళ్లకి దాన్ని వాడరాదు. హ్యూమ్ సూత్రం మీకు 42.8 ఇస్తుంది, జేమ్స్ 45.1 ఇస్తుంది. అంటే అదే ఎత్తుకి, అదే బరువుకి సూత్రం మారిస్తేనే రెండు కిలోల పైన తేడా వస్తుంటే, మీరు ఒకటిన్నర కిలో గురించి టెన్షన్ పడుతున్నారు.

ఇంకో మాట. రోజంతా ఇటుకలు మోసే 155 సెంటీమీటర్ల, 72 కిలోల మహిళకీ, రోజంతా కౌంటర్లో కూర్చునే అదే ఎత్తూ బరువూ ఉన్న మహిళకీ ఇది ఒకటే జవాబు చెబుతుంది. పైగా ఒకే ఎత్తూ బరువూ ఉన్నా యూరప్ వాళ్లకంటే మన వాళ్లలో కొవ్వు పాలు సాధారణంగా ఎక్కువ, కాబట్టి మీ అసలు లీన్ మాస్ 43 కంటే కొంచెం తక్కువే ఉండొచ్చు. కాళ్ల వాపులున్నవాళ్లకీ, గర్భిణులకీ, పిల్లలకీ ఈ సూత్రం అసలు పనికిరాదు.

బరువు తగ్గేటప్పుడు కొంత లీన్ మాస్ పోవడం మామూలే, అన్నం తగ్గించిన మొదటి వారాల్లో పోయేది చాలావరకు నీరే. కండ నిజంగా పోతోందా అన్నది తెలియాలంటే బాగా దగ్గరగా చెప్పేది, తక్కువ మోతాదు ఎక్స్‌రేతో ఒంట్లో కొవ్వునీ ఎముకనీ మిగతా భాగాన్నీ విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్, కానీ మీకిప్పుడు అది అక్కర్లేదు. ఇంట్లోనే ఒక పని చేయండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఆసియా వాళ్ల కోసం నిపుణులు 2019లో పెట్టిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే ఒంటి సామర్థ్యం తగ్గినట్టు లెక్క. అంతకంటే ముఖ్యం, నెల నెలా మీ టైమ్ పెరుగుతోందా అన్నది. దాంతోపాటు బొడ్డు దగ్గర నడుం కొలత కూడా రాసుకోండి. నడుం తగ్గుతూ, కుర్చీ టైమ్ అలాగే ఉంటే మీరు ఎక్కువగా పోగొట్టుకుంటున్నది కొవ్వే.

పౌడర్ విషయానికొస్తే, కిడ్నీ సమస్య లేకపోతే రోజుకి 60 గ్రాముల దాకా ప్రొటీన్ ఉండేలా తినండి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 దాకా ఉంటాయి, పలుచని చారులో మాత్రం ఏమీ ఉండదు. వాకింగ్ ఒక్కటే సరిపోదు, వారానికి రెండు రోజులు బరువులతో చేసే వ్యాయామం ఉండాలి. జిమ్ అబ్బాయి చేత అది నేర్పించుకోండి.

కుర్చీ టైమ్ పెరుగుతూ, మీరు ప్రయత్నించకపోయినా బరువు తగ్గుతూ ఉంటే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని మీ డాక్టరుకి చూపించండి. మీ వారి చేత కూడా కుర్చీ పరీక్ష చేయించండి, సెకన్లు మాత్రం మీరు లెక్కపెట్టండి. ఆయన్ని వదిలేస్తే రెండు సెకన్లు తగ్గించి చెబుతారు.