ఒక్క చుక్క తేడా

ప్రశ్న: ముస్లిం దేశాల్లోకి అచ్చు యంత్రం అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? మతపెద్దలు నిషేధించారట, నిజమేనా?

నేను హైదరాబాద్ ఛత్తాబజార్‌లోని ఓ ప్రెస్సులో తెలుగు ప్రూఫులు దిద్దేవాణ్ణి. పక్క బల్ల దగ్గర ఉర్దూ శుభలేఖలు రాసే కాతిబ్ సాబ్ కూర్చునేవారు. ఓసారి పెళ్లి కార్డులో ‘రహ్మత్’ అని ఉండాల్సిన చోట మొదటి అక్షరం మీద మసి చుక్క పడింది. అది ‘జహ్మత్’ అయింది. దేవుడి దయ కాస్తా తంటా అయిందన్నమాట. కట్టలు కట్టేశాక కాతిబ్ సాబ్ చూశారు. ఓనరేమో ‘ఎవరు చూస్తారులే’ అన్నాడు. పెళ్లికూతురి తండ్రి చూశాడు, ఆ గొడవ బజారంతా విన్నది.

పెళ్లి కార్డుకే ఇంత అయితే ఖురాన్‌కి? 1537-38 ప్రాంతంలో వెనిస్‌లో పగనీనీ అనే తండ్రీకొడుకులు అచ్చేసిన ఖురాన్‌లో దాల్ అనే అక్షరానికీ జాల్ అనే అక్షరానికీ తేడానే లేదు. ఆ తేడా ఒక్క చుక్కే. దాని ప్రతి ఒక్కటే మిగిలింది, అది 1987లో అక్కడి క్రైస్తవ సన్యాసుల లైబ్రరీలో దొరికింది.

నిషేధం సంగతంటారా, అచ్చేసినవాడికి మరణశిక్ష అని సుల్తాన్ ఇచ్చాడంటూ వాట్సాప్‌లో తిరిగే ఫర్మానా అసలు కాగితం ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. ఇస్తాంబుల్‌లో యూదులు 1493 నుంచే హీబ్రూ పుస్తకాలు అచ్చేస్తున్నారు. 1727లో ఒట్టోమన్ ఉద్యోగి ఇబ్రహీం ముతఫర్రిఖా అచ్చు వేయడానికి అనుమతి అడిగితే అక్కడి ప్రధాన మతాధికారి షేఖుల్ ఇస్లాం అబ్దుల్లా ఎఫెందీ ఫత్వా ఇచ్చి మరీ సరేనన్నాడు. కాకపోతే తప్పులు దిద్దే పండితుల్ని పెట్టమన్నాడు. నిఘంటువులు, చరిత్ర, శాస్త్రాల వరకే అనుమతి. ఖురాన్ వ్యాఖ్యానం, ప్రవక్త మాటలు చెప్పే హదీసు, ధర్మశాస్త్రం జోలికి పోకూడదు. 1729లో మొదట వచ్చింది అరబీ-తుర్కీ నిఘంటువు.

నా లెక్కలో ఇది ఛాందసం కాదు, ప్రూఫ్ రీడర్ భయం. రాతప్రతిని శిష్యుడు గురువు ముందు చదివి వినిపించేవాడు, గురువు సరిచూసి, తృప్తిపడితే ఇజాజా అనే అనుమతిపత్రం రాసిచ్చేవాడు. ఒక ప్రతిలో తప్పు గురువు కంటపడితే ఆ ప్రతితో ఆగేది. అచ్చులో తప్పు పడితే వెయ్యి ఇళ్లకు వెళ్తుంది, పైగా ఎదురుగా గురువు ఉండడు. ఇప్పటి తెలుగు పుస్తకాలకు ప్రూఫ్ రీడరే ఉండడం లేదు, అది వేరే ఏడుపు.

ఈ చిక్కును చాలావరకు తీర్చింది సీసం అక్షరాలు కాదు, రాతి అచ్చు. కాతిబ్ జిడ్డు సిరాతో కాగితం మీద రాస్తాడు, దాన్ని రాయి మీద ఒత్తుతారు. రాయి తడిపి సిరా రుద్దితే జిడ్డు గీతలకే అంటుకుంటుంది. అంటే చేతిరాతే అచ్చవుతుంది, చుక్కలు కాతిబ్ పెట్టిన చోటే ఉంటాయి. లక్నోలో 1858లో మొదలైన నవల్ కిశోర్ ప్రెస్సు ఖురాన్‌లు వేసింది ఇలాగే. యజమాని హిందువు. మన హైదరాబాద్‌లో 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ అయితే రాతప్రతులు సరిపోల్చి హదీసు గ్రంథాలు కూడా అచ్చేసింది. ముతఫర్రిఖాకి వద్దన్న పని అదే. ఈసారి చేయించింది కూడా పండితులే.