కామెంబెర్ చీజ్ మీద తెల్ల తొక్క తినొచ్చా?

"బ్రీ, కామెంబెర్ లాంటి మెత్తటి చీజ్ మీద తెల్లగా ఉండే తొక్క తినొచ్చా, తీసేయాలా? అది ఏ బూజు?"

తినొచ్చండి. అది పాడై పట్టిన బూజు కాదు, చీజ్ చేసేవాళ్లు కావాలని వేసింది. పేరు పెనిసిలియం కామెంబెర్టి. చాలాసార్లు దానికి తోడుగా జియోట్రికమ్ కాండిడమ్ అనే ఇంకో శిలీంధ్రం కూడా ఉంటుంది.

మొదటిసారి కొండాపూర్‌లో ఒక సూపర్‌మార్కెట్ నుంచి చక్రంలా గుండ్రంగా ఉండే చిన్న కామెంబెర్ తెచ్చినప్పుడు మా అమ్మ "బూజు పట్టిందిరా, వెనక్కిచ్చేయ్" అంది. ఆవకాయ మీద తెల్లగా కనపడితే జాడీ మొత్తం పారబోసే ఇల్లు మాది. నేనూ భయపడి చాకుతో తొక్కంతా చెక్కేశాను. సగం చీజ్ దాంతోనే పోయింది.

రెండోసారి తొక్కతోనే కోసి చూశాను. నడుమ సుద్దలా గట్టిగా ఉంది, తొక్క కింద మాత్రం సన్నటి గీతలా మెత్తబడింది. వారం తర్వాత ఆ మెత్తదనం దాదాపు నడిమి దాకా పాకింది. అదంతా ఆ బూజు పనే. పైన కూర్చుని చీజ్‌లోని లాక్టిక్ ఆమ్లాన్ని తినేస్తుంది, ప్రోటీన్‌ను విరిచి కాస్త అమోనియా వదులుతుంది. దాంతో పైభాగంలో పులుపు తగ్గి, చీజ్ బయటి నుంచి లోపలికి మెత్తబడుతూ పోతుంది. కట్ చేసిన తొక్కకు పుట్టగొడుగుల వాసన కూడా ఆ బూజు వల్లే. అయితే ఫ్యాక్టరీలో చేసే కొన్ని బ్రీలు మొదటి నుంచీ ఒకేలా మెత్తగా ఉంటాయి, వాటిలో ఈ మార్పు పెద్దగా కనపడదు.

మూడోసారి చేసిన తప్పు చెప్తాను. మిగిలిన ముక్కను స్టీల్ డబ్బాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయాను. బూజుకి గాలి కావాలి. మూత తీస్తే లోపల నీటి బొట్లు, గోధుమరంగు తిరిగిన జిగట తొక్క, ముక్కుపుటాలు మండే అమోనియా. కొద్దిగా వాసన ఉంటే పావుగంట బయట పెడితే పోతుంది. అలా పోకపోతే, నాలుక మీద చేదుగా చురుక్కుమంటే పారేయండి. ఇప్పుడు బటర్ పేపర్‌లో వదులుగా చుట్టి పెడుతున్నాను.

తెలుపు మీద గులాబీ, నల్ల మచ్చలు కొత్తగా కనపడినా అంతే. మెత్తటి చీజ్‌లో ఆ ముక్క వరకే కోసేస్తే సరిపోదు, బూజు పోగులు కంటికి కనపడకుండా లోపలికి దిగి ఉండొచ్చు. ఇక ఎడమ్ లాంటి చీజ్‌ల మీద ఎర్రగా ఉండేది మైనం, దాన్ని మాత్రం తీసేసి తినాలి.

గర్భిణులు మాత్రం ఈ చీజ్‌ను తొక్క తీసినా పచ్చిగా తినొద్దు. ఇబ్బంది బూజుతో కాదు, లిస్టీరియా అనే బ్యాక్టీరియాతో. తేమ ఎక్కువ, పులుపు తక్కువ ఉండే ఇలాంటి చీజ్‌లో అది ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. పొగలొచ్చేదాకా బాగా వేడి చేస్తే పర్లేదు. మా చెల్లికి ఏడో నెలలో అలాగే ఓవెన్‌లో కరిగించి, బ్రెడ్ మీద వేసిచ్చాం.