పెంబర్తి ఇత్తడి డాలస్ దాకా పోయి వెనక్కి ఎందుకొచ్చింది?

"సర్, మాది పెంబర్తి. మా నాన్న ఇత్తడి రేకు పని చేస్తారు. నేను హన్మకొండలో బీకామ్ ఫైనల్ ఇయర్. డిసెంబర్‌లో డాలస్‌లో ఉండే ఒక తెలుగాయనకి కళాతోరణం వాల్ ప్లేట్ 150 డాలర్లకి అమ్మినం, కొరియర్ షాపతను గిఫ్ట్ అని, విలువ 2,000 రూపాయలని రాసి పంపిండు. అక్కడ కస్టమ్స్ కట్టమన్నరట, ఆయన కట్టనన్నడు, పార్సెల్ వాపస్ వచ్చింది, రిటర్న్ ఛార్జీ మమ్మల్నే కట్టమంటున్నరు. నాన్న ఇగ ఫారిన్ వద్దంటున్నరు. నేనైతే ఇదే పనిని కెరీర్‌గా చేద్దామనుకుంటున్న. చెయ్యొచ్చా సర్?"

చెయ్యొచ్చమ్మా. కానీ ముందు ఆ పార్సెల్ ఎందుకు వాపస్ వచ్చిందో నీకు సాఫ్‌గా అర్థం కావాలె, ఎందుకంటే నువ్వు కెరీర్ అంటున్న పని అదే. ప్లేట్ నాన్న చేస్తరు, బయ్యర్ ఫోన్లోనో ఇన్‌స్టాలోనో దొరుకుతడు, ఆ రెండింటి మధ్యల ఉండే కాగితం పని ఎవరికీ రాక చాలా ఇండ్లల్ల ఒక్క పార్సెల్‌తోనే ఆగిపోతున్నరు. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు హైదరాబాద్‌లో కొన్నేళ్లు ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చేసిన, అందుకే నీ మెయిల్ చదవంగానే బాధ అనిపించింది, ఇది తప్పించుకోగలిగిన నష్టమే.

మొదటిది ఆ గిఫ్ట్ అనే మాట. అమెరికాల ఉండే మనిషికి ఇక్కడి నుంచి ఇంకో మనిషి నిజంగ కానుకగ పంపితే 100 డాలర్ల లోపు డ్యూటీ ఉండదు, అది ఇప్పటికీ ఉన్నది. కానీ పైసలు తీసుకుని పంపింది గిఫ్ట్ కాదు. ఇంతకుముందు 800 డాలర్ల లోపు ఏది పంపినా డ్యూటీ లేకుండ పోయేది, అందుకే షాపుల వాళ్లు ఏం రాసినా ఎవరూ పట్టించుకోలే. 2025 ఆగస్ట్ 29 నుంచి ఆ 800 డాలర్ల మినహాయింపు తీసేసిండ్రు, ఇప్పుడు అమ్మిన వస్తువు పది డాలర్లదైనా లెక్కలోకి వస్తది. అప్పట్ల మన పోస్టల్ డిపార్ట్‌మెంట్ కూడా ఆగస్ట్ 25 నుంచి అమెరికా పార్సెళ్లు ఆపేసి, డ్యూటీ ఇక్కడే ముందుగ కట్టించుకునే పద్ధతి పెట్టుకుని అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. షాపతను మాత్రం పాత అలవాటుల రాసేసిండు. 2,000 అని ఉన్న కాగితం, లోపల చూస్తే చేతితో కొట్టిన ఇత్తడి ప్లేట్, అక్కడి ఆఫీసర్‌కి అనుమానం రాకుండ ఎట్లుంటది?

రెండోది దీనికన్నా పెద్దది, డ్యూటీ ఎవరు కట్టాలన్నది ముందే మాట్లాడుకోకపోవుడు. దీనికి ఫీల్డ్‌లో రెండు మాటలున్నయ్. డీడీయూ అంటే సరుకు అక్కడికి పోయినంక బయ్యర్ కడతడు, డీడీపీ అంటే పంపేవాళ్లే ముందుగ కట్టేస్తరు, బయ్యర్ ఇంటికి పెట్టె నేరుగ పోతది. మీరు ఏదీ చెప్పలే, కాబట్టి అది డీడీయూ అయి కూసుంది. లెక్క చూడు. ప్లేట్ 150 డాలర్లు, డ్యూటీ 20 శాతం అనుకుందాం, ఇది లెక్క కోసం నేననుకున్న రేటే, అంటే 30 డాలర్లు. దాని మీద కొరియర్ వాళ్లు ఆయన తరఫున డ్యూటీ కట్టినందుకు ఇంకో ఫీజు వేస్తరు. ఆయనేమో 150కి కొన్న అనుకుని ఉన్నడు, సడన్‌గ ఇంకో 45, 50 కట్టు అని మెసేజ్ వస్తే మోసం అనుకుంటడు. ఆయన తప్పేం లేదమ్మా. అదే నువ్వు మొదట్నే 200 డాలర్లు, డ్యూటీ అంతా ఇందులనే అని చెప్తే చాలామంది మారు మాట్లాడకుండ కొంటరు. డైరెక్ట్‌గ ఇంటికి అమ్మేటప్పుడు డీడీపీ తప్ప ఇంకోటి పెట్టుకోకు, ఇది నా గట్టి అభిప్రాయం.

మరి రేటు ఎట్ల తెలుస్తదంటవ్. దానికి హెచ్ఎస్ కోడ్ కావాలె, అంటే ఏ రకం వస్తువో కస్టమ్స్‌కి చెప్పే నంబర్, ఇక్కడే మీ పని స్పెషల్. అదే ఇత్తడి, అదే నాన్న చెయ్యి, కానీ గోడకి పెట్టే అలంకారం ప్లేట్, విగ్రహం 8306 కిందికి వస్తయ్, గిన్నె, పళ్లెం లాంటి ఇంట్ల వాడేవి 7418, నూనె పోసి వెలిగించే దీపం 9405. కళాతోరణం ప్లేట్ మామూలు ఇత్తడైతే 8306.29, దానికే వెండి పూత వేస్తే 8306.21. కోడ్ మారితే డ్యూటీ మారొచ్చు. అమెరికా రేట్లు hts.usitc.gov ల ఈ నంబర్ కొడితే వస్తయ్, ఏ వస్తువు ఏ కోడ్ కిందికి వస్తదని అక్కడి కస్టమ్స్ ఇచ్చిన పాత తీర్పులు rulings.cbp.gov ల ఉంటయ్, brass wall plaque అని వెతుకు, ఓ సాయంత్రం కూసుని చదువు, క్లాసులో కన్నా ఎక్కువ వస్తది. ఒకటి గుర్తుపెట్టుకో, అక్కడ కనిపించే మామూలు రేటు మీద మన దేశం సరుకుకి అదనంగ వేసేది వేరే ఉంటది. 2025లనే మన మీద ఆగస్ట్ 7న 25 శాతం వేసి, 27న ఇంకో 25 కలిపి 50 చేసిండ్రు, తర్వాత మళ్లీ మారింది. అందుకే పోయిన నెల రేటుతోని ఈ నెల ధర చెప్పకు, కొటేషన్ ఇచ్చేటప్పుడే కొరియర్ దగ్గర ఆ రోజు డీడీపీ ఎంతవుతదో రాతపూర్వకంగ తీసుకుని, ఈ ధర పది రోజులే అని బయ్యర్‌కి చెప్పు.

ఇన్‌వాయిస్‌ల వివరం గిఫ్ట్ ఐటమ్, షోపీస్ అని కాదు, ఇట్ల ఉండాలె:

```
New handmade brass wall plaque, not plated
HS 8306.29 | 1 pc | USD 150.00
Made in India | DDP Dallas
```

ఇందుల న్యూ అనే మాట ఊరికే పెట్టలే. పెంబర్తి పనికి నల్లగ పాత కాలం లుక్ ఇస్తరు గదా, దాన్ని అందరూ యాంటిక్ ఫినిష్ అంటరు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేండ్లు దాటిన శిల్పాలు, లోహపు పనులు బయటికి పంపనియ్యరు. కొత్త విగ్రహమే అయినా పాతదిలెక్క కనిపించి, కాగితం మీద యాంటిక్ అని ఉంటే మన కస్టమ్స్ వాళ్లే ఆపి, పురావస్తు శాఖ నుంచి ఇది పురాతన వస్తువు కాదని సర్టిఫికెట్ తెమ్మంటరు. నేను పనిచేసినప్పుడు ఒకాయన నటరాజ విగ్రహం ఆ ఒక్క మాట వల్ల మూడు వారాలు ఎయిర్‌పోర్ట్ గోదాంల పడి ఉండె, పండుగ దాటినంక పోయింది, బయ్యర్ పైసలు వాపస్ అడిగిండు. దేవుడి విగ్రహాలైతే ఆ సర్టిఫికెట్ ముందే తీసుకునుడు మంచిది. ఇంక అమెరికాకి పోయే వస్తువు మీద మేడ్ ఇన్ ఇండియా అని ఇంగ్లీషులో కనబడేటట్టు ఉండాలె, నాన్నని ప్లేట్ వెనకాల చిన్న పంచ్ కొట్టమను, స్టిక్కర్ కన్నా అదే అందం.

ప్యాకింగ్ గురించి ఒక్కటే చెప్త. మీది రేకు పని, బరువు తక్కువ, సైజు ఎక్కువ. కొరియర్ వాళ్లు పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల గుణించి 5000తో భాగిస్తరు, అది అసలు బరువు కన్నా ఎక్కువొస్తే దానికే పైసలు. నీ ప్లేట్ రెండు కిలోలే అనుకో, పెట్టె 45, 35, 12 అయితే లెక్క 3.78 వస్తది, నాలుగు కిలోల ఛార్జీ పడ్తది. పెట్టె ఎత్తు 9కి తగ్గిస్తే 2.84, మూడు కిలోలు. ఒక కిలో ఛార్జీ అక్కడే మిగిలె. కానీ ఉబ్బెత్తు పని మీద అట్ట తగిలి సొట్ట పడకుండ చుట్టూ ఫోమ్ అంచు పెట్టి, ప్లేట్ మధ్యల వేలాడేటట్టు ఉండాలె. వరిగడ్డి మాత్రం పెట్టకు, ఊర్ల అలవాటు నాకు తెల్సు, కానీ ఆస్ట్రేలియా లాంటి దేశాలు గడ్డితోని ప్యాక్ చేసింది రానియ్యవు, పురుగు వస్తదని. చెక్క డబ్బా కొట్టిస్తే దానికి హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర ఉండాలె, ప్లైవుడ్ అయితే ఆ గొడవ లేదు.

మీ పేరు మీద కావల్సినవి ఎక్కువేం లేవు. నాన్న పాన్‌తో dgft.gov.in ల ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులకి ఇచ్చే కోడ్, ఫీజు 500 రూపాయలు, ప్రతి సంవత్సరం ఏప్రిల్ నుంచి జూన్ లోపల అందులకి పోయి వివరాలు కన్ఫర్మ్ చెయ్యాలె, ఏం మారకపోయినా సరే, లేకపోతే అది డీయాక్టివేట్ అయితది. జీఎస్టీ నంబర్, దాని మీద ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ అనే హామీ పత్రం, అప్పుడు ఎగుమతి మీద ట్యాక్స్ కట్టకుండ పంపొచ్చు. కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంక్ నుంచి ఏడీ కోడ్ లెటర్, ఎగుమతి పైసలు ఏ బ్యాంకుకి వస్తయో కస్టమ్స్‌కి చెప్పే నంబర్ అది. ఇవి ఉంటే కొరియర్‌లో సీఎస్‌బీ ఫైవ్ కింద పోతది, అది అసలైన ఎగుమతి బిల్లు. పోస్ట్‌లో పంపాలనుకుంటే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ఏ పోస్టాఫీసులో ఉందో అడుగు, చిన్న సరుకుకి అక్కడ తక్కువల అయిపోతది.

డబ్బు ఎట్లొచ్చిందన్నది కూడా చూసుకో. డాలస్ ఆయన నాన్న సేవింగ్స్ అకౌంట్‌కి వేసి ఉంటే బ్యాంక్ దాన్ని కుటుంబ ఖర్చుల కింద, P1301 అని రాసుకునే అవకాశం ఉన్నది, బయటి నుంచి డబ్బు ఎందుకొచ్చిందో చెప్పే కోడ్ అది. అడ్వాన్స్‌గ వచ్చిన ఎగుమతి డబ్బుకి P0103. పేపర్లు పంపి సరిచేయించు.

ఇప్పుడు నీ వాపస్ వచ్చిన పార్సెల్. ఎగుమతి అయిన మన సరుకు మూడేండ్ల లోపల తిరిగొస్తే దిగుమతి డ్యూటీ లేకుండ తీసుకునే నోటిఫికేషన్ ఉన్నది, 2017లది, నంబర్ 45. కానీ ఇది మన దగ్గర్నుంచి పోయిందే అని కాగితాలతోని చూపించాలె. గిఫ్ట్ అని పోయింది, 2,000 అని పోయింది, మీ దగ్గర ఎగుమతి బిల్లు లేదు, అక్కడే మీకు ఇబ్బంది. అందుకే ముందు కొరియర్ వాళ్లని రిటర్న్ ఫ్రైట్ ఎంత, ఇక్కడి కస్టమ్స్ ఎంత అని విడివిడిగ బిల్లు అడుగు. పాత ఎయిర్‌వే బిల్, ప్లేట్ ఫోటోలు, బయ్యర్ మెసేజ్‌లు ఒక దగ్గర పెట్టుకో. ఫ్రైట్ కట్టక తప్పదు, కస్టమ్స్ భాగం గురించి మాత్రం ఒక కస్టమ్స్ బ్రోకర్‌ని అడిగి కట్టు.

కెరీర్ సంగతి. డిగ్రీ అయినంక నేరుగ ఇంటి ఎక్స్‌పోర్ట్ మీద కూసోకు, నా మాట విను. ఏడాదిన్నర, రెండేండ్లు హైదరాబాద్‌లో ఏదన్న కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసుల చేరు. ఇంటర్ పాసైతే కస్టమ్స్ వాళ్లిచ్చే హెచ్ కార్డు మీద పని చెయ్యొచ్చు, తర్వాత పరీక్ష రాసి జీ కార్డు, ఇంకా పైన ఎఫ్ కార్డు. మొదట్ల జీతం తక్కువనే ఉంటది, కానీ రోజూ బిల్లులు నీ చేతుల మీదుగ పోతయ్, ఆఫీసర్ ఏ ప్రశ్న అడుగుతడో, ఏ పదానికి ఆపుతడో అక్కడ తప్ప ఎక్కడా రాదు. ఆదివారాలు ఇంటికొచ్చి నాన్న సరుకు నెలకి ఒకటో రెండో పంపు, అంతకన్నా ఎక్కువ ఇప్పుడు వద్దు.

నాన్నకి డీడీపీ, హెచ్ఎస్ అని చెప్తే వినరు. ఒక కాగితం మీద ఇత్తడి ఖర్చు, కూలి, పెట్టె, కొరియర్, డ్యూటీ కింద కింద రాసి, కూడి, బయ్యర్ ఇచ్చేది పక్కన వేసి చూపించు. డాలస్ ఆయనకి కూడా ఫోన్ చేసి జరిగింది చెప్పి, మళ్లీ పంపాల్నా అని అడుగు. పంపమంటే ముందు ప్లేట్ బయటికి తీసి అంచులు చూడు, రెండు సముద్రాలు దాటి వచ్చింది గదా, ఎక్కడన్నా వంగితే నాన్న చేతిల ఓ పూట పని.