అడిగేచోట వుడ్, మాట ఇచ్చేచోట విల్

ప్రశ్న: ఒక చిన్న సంస్థలో రిక్వెస్ట్ లెటర్లు, ప్రపోజల్స్ ఇంగ్లిష్‌లో రాసే పని నాది. ఇఫ్ వచ్చిన ప్రతిచోటా విల్ పెట్టాలా, వుడ్ పెట్టాలా అని టెన్షన్. వుడ్ మర్యాదగా ఉంటుంది కదా అని అన్నిచోట్లా అదే వాడుతున్నాను. మా మేనేజర్ సగం వుడ్‌లు కొట్టేసి, సగం వదిలేశారు. ఏది ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?

జవాబు:

మీ మేనేజర్ కొట్టేసినవి చాలావరకు ‘మేం ఇది చేస్తాం’ అని చెప్పే వాక్యాల్లోవీ, వదిలేసినవి ‘మీరు ఇది చేయండి’ అని అడిగే వాక్యాల్లోవీ అయ్యుంటాయని నా అంచనా. లెటర్‌లో వుడ్ రెండు రకాలుగా పనిచేస్తుంది. ఎదుటివాళ్లను అడిగేటప్పుడు మాటను మెత్తబరుస్తుంది. మనం చేయబోయే పని గురించి రాస్తే మాత్రం దాన్ని అనుమానంలో పడేస్తుంది. అక్కడ చదివేవాళ్లకు మర్యాద కనబడదు, ‘ఇంతకీ వీళ్లు చేస్తారా, చేయరా?’ అన్న ప్రశ్న పుడుతుంది.

బడుల్లో తాగునీటి పనులు చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో, కంపెనీల సీఎస్ఆర్ విభాగాలకు వెళ్లే ప్రపోజల్స్‌ని పంపేముందు చూడటం నా పని. ఒకసారి నల్గొండ జిల్లాలోని ఒక హైస్కూల్‌కి నీటి ప్లాంట్ కోసం మా ఫీల్డ్ సిబ్బంది రాసిన ప్రపోజల్‌లో ఇలాంటి నాలుగు వాక్యాలుండేవి. మీ ప్రశ్నకు కావలసినదంతా వీటిలోనే ఉంది కాబట్టి వీటినే తీసుకుంటాను.

‘వి విల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు వుడ్ శాంక్షన్ ద అమౌంట్.’

‘ఇఫ్ యు విల్ రిలీజ్ ద ఫస్ట్ ఇన్‌స్టాల్‌మెంట్ బై ఏప్రిల్ 15, వి వుడ్ కంప్లీట్ ద వర్క్ ఇన్ 45 డేస్.’

‘ద ట్రస్ట్ వుడ్ మెయిన్‌టెయిన్ ద ప్లాంట్ ఫర్ త్రీ ఇయర్స్.’

‘ఇఫ్ ద ఫ్లోరైడ్ వుడ్ బి ఎబౌ 1.5 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్, వి వుడ్ నీడ్ యాన్ ఆర్‌ఓ యూనిట్.’

రెండో వాక్యంతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరి లెటర్లలోనూ ఎక్కువగా కనిపించేది అదే. డబ్బు విడుదల కావడం ఇంకా జరగని పని కదా అని ఇఫ్ పక్కన విల్ పెడతాం. ఇంగ్లిష్‌లో ఆ భాగానికి మామూలు ప్రెజెంట్ టెన్స్ చాలు, ఎందుకంటే ఇంకా జరగలేదన్న సంగతి ఇఫ్‌తోపాటు రెండో సగంలోని విల్ చెప్పేస్తుంది. ఇక ఆ రెండో సగంలో మా వాళ్లు పెట్టిన వుడ్ అసలు మాటనే చెడగొట్టింది. డబ్బు వస్తే పని పూర్తిచేస్తామన్నది మేం ఇచ్చే మాట. సరైన వాక్యం: ‘ఇఫ్ యు రిలీజ్ ద ఫస్ట్ ఇన్‌స్టాల్‌మెంట్ బై ఏప్రిల్ 15, వి విల్ కంప్లీట్ ద వర్క్ ఇన్ 45 డేస్.’

మూడోదానిలో ఇఫ్ అనేదే లేదు. అయినా చిక్కు తెచ్చిపెట్టింది అదే. కంపెనీ అధికారి ఆ లైన్ పక్కన పెన్నుతో ‘సబ్జెక్ట్ టు వాట్?’ అని రాసి వెనక్కి పంపారు. వాక్యంలో షరతు లేకుండా వుడ్ ఒక్కటే కనిపిస్తే, చదివేవాళ్లు రాయని షరతు ఏదో ఉందనుకుంటారు. మూడేళ్ల మెయింటెనెన్స్ ఖర్చు ఎవరిదన్నది వాళ్లకు చిన్న విషయం కాదు, అందుకే అడిగారు. మన దేశంలో ‘ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఆన్ మండే’ అని సర్క్యులర్లలో కూడా రాస్తుంటారు కాబట్టి మన చెవికి ఇది తప్పుగా వినిపించదు. మీటింగ్ నోటీసులో అయితే ఎవరికీ నష్టం లేదు, సోమవారం వస్తారు, కూర్చుంటారు. ప్రపోజల్‌లో మాత్రం ఎవరు ఏం చేస్తారో చెప్పే ప్రతి వాక్యం రేపు అగ్రిమెంట్‌లోకి వెళ్తుంది. అక్కడ విల్ తప్ప వేరేది వద్దంటాను నేను.

నాలుగో వాక్యం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే మామూలు ఫిల్టర్ పనికిరాదు, ఆర్‌ఓ లాంటిది పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది. అంటే ఈ వాక్యం మీద బడ్జెట్ ఆధారపడి ఉంది. దీన్ని సరిచేయాలంటే గ్రామర్ ఒక్కటే తెలిస్తే చాలదు, బోరు నీళ్లు టెస్ట్ చేయించారో లేదో తెలియాలి. ఇంకా చేయించకపోతే ఎక్కువుండొచ్చు, ఉండకపోవచ్చు. అప్పుడు ‘ఇఫ్ ద ఫ్లోరైడ్ ఈజ్ ఎబౌ 1.5, వి విల్ నీడ్ యాన్ ఆర్‌ఓ యూనిట్’ అని రాయాలి. టెస్ట్ అయిపోయి తక్కువే ఉందని తేలితే ‘ఇఫ్ ద ఫ్లోరైడ్ వర్ ఎబౌ 1.5, వి వుడ్ నీడ్ యాన్ ఆర్‌ఓ యూనిట్’. ఈ రెండోది చదివినవాళ్లకు ‘తక్కువే ఉంది, కాబట్టి అక్కర్లేదు’ అని అర్థమవుతుంది. మా వాళ్లు రాసిన దాన్నిబట్టి టెస్ట్ అయిందో లేదో చెప్పలేం. ఫోన్ చేసి అడిగితే శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లిందట, రిపోర్ట్ రాలేదట. కాబట్టి ఈజ్, విల్.

ఇక్కడ తెలుగు మనకు బాగా ఉపయోగపడుతుంది. రాసేముందు వాక్యాన్ని తెలుగులో అనుకుని చివరి క్రియను చూడండి. ‘ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆర్‌ఓ పెడతాం’ అన్నామంటే విషయం ఇంకా తేలలేదు. ‘ఎక్కువుంటే ఆర్‌ఓ పెట్టేవాళ్లం’ అన్నామంటే ఎక్కువ లేదని మనకు తెలుసు. రెండింట్లోనూ ‘ఉంటే’ ఒకటే, తేడా అంతా చివర్లో ఉంది. ఇంగ్లిష్‌లో ఆ తేడా రెండు సగాల్లోనూ చూపించాలి. చివర ‘పెడతాం, చేస్తాం, ఇస్తాం’ వస్తే ఇఫ్ దగ్గర ప్రెజెంట్, ఇవతల విల్. ‘పెట్టేవాళ్లం, చేసేవాళ్లం’ వస్తే ఇఫ్ దగ్గర పాస్ట్, ఇవతల వుడ్. మన ‘ఉంటే’ మారదు కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ఇఫ్ భాగాన్ని పట్టించుకోం, తడబాటు అక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతి అడిగే వాక్యాలకు మాత్రం పనికిరాదు. మొదటి వాక్యం చూడండి. తెలుగులో ‘మంజూరు చేస్తే కృతజ్ఞులమై ఉంటాం’ అంటాం. చివర ‘ఉంటాం’ ఉంది కాబట్టి విల్ అనిపిస్తుంది. ‘వి విల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు శాంక్షన్ ద అమౌంట్’ గ్రామర్ ప్రకారం తప్పేమీ కాదు. కాకపోతే ఇచ్చేస్తారన్న ధీమా కొంచెం వినిపిస్తుంది. ఇంగ్లిష్ లెటర్లలో స్థిరపడిన రూపం ‘వి వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ శాంక్షన్ ద అమౌంట్’. మంజూరు చేయడం అసాధ్యమని దీని అర్థం కాదు, కాదనడానికి వాళ్లకు చోటు ఇస్తున్నామంతే. వుడ్‌కి జోడీగా కుడ్ గానీ వుడ్ గానీ రాయండి. ఒకవైపు విల్, ఇంకోవైపు వుడ్ పెడితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే.

అన్నట్టు, ఇఫ్ పక్కన విల్, వుడ్ అసలు రాకూడదని బడిలో చెప్పిన సూత్రం పూర్తిగా నిజం కాదు. ‘ఇఫ్ యు వుడ్ సైన్ ద ఎన్‌క్లోజ్డ్ కాపీ, వి విల్ కలెక్ట్ ఇట్ ఆన్ మండే’ మంచి వాక్యమే. అక్కడ వుడ్ భవిష్యత్తును చెప్పట్లేదు, వాళ్ల ఇష్టాన్ని అడుగుతోంది. తెలుగులో ఆ చోట ‘దయచేసి’ ఇముడుతుందేమో చూడండి. ‘మీరు దయచేసి సంతకం చేస్తే’ అనొచ్చు, కాబట్టి వుడ్ సరే. ‘ఫ్లోరైడ్ దయచేసి ఎక్కువుంటే’ అనలేం, ‘శాంక్షన్ దయచేసి వస్తే’ అనీ అనలేం. మనిషి తన ఇష్టంతో చేసే పనికే ఆ సౌకర్యం.

రెండో విడత డబ్బు ఆలస్యమైతే రాసే రిమైండర్ లెటర్‌లో ఇంకో రకం చిక్కు వస్తుంది. ‘ఇఫ్ యు వుడ్ హావ్ రిలీజ్డ్ ద అమౌంట్ ఇన్ మార్చ్, వి వుడ్ హావ్ ఫినిష్డ్ బై నౌ’ అని చాలామంది రాస్తారు. ఇఫ్ పక్కన ‘వుడ్ హావ్’ బదులు ‘హ్యాడ్’ ఉండాలి. నన్నడిగితే సరిచేసి పంపడం కంటే ఆ వాక్యాన్ని తీసేయడమే మేలు. గ్రామర్ సరైనా అది ‘మీవల్లే ఆగింది’ అని నిష్ఠూరమాడటమే, డబ్బిచ్చేవాళ్లతో ఆ మాట ఎందుకు? జరగాల్సిన దాని గురించి రాయండి: ‘ఇఫ్ ద సెకండ్ ఇన్‌స్టాల్‌మెంట్ రీచెస్ అస్ బై మే 20, వి విల్ ఫినిష్ బిఫోర్ ద స్కూల్ రీఓపెన్స్.’

ప్రపోజల్ అంతటా వుడ్ ఉండటం సబబైన సందర్భం కూడా ఒకటుంది. నిధులు అడగకముందు, ఆలోచన మాత్రమే పంచుకునే కాన్సెప్ట్ నోట్‌లో ‘ద ప్రాజెక్ట్ వుడ్ కవర్ ద హాస్టల్ యాజ్ వెల్’ అని రాయొచ్చు, ఎందుకంటే ప్రాజెక్ట్ ఇంకా లేదు. ప్రపంచ బ్యాంక్ అప్రైజల్ పత్రాల్లో కూడా ఈ తరహా వుడ్ కనిపిస్తుంది. ఆ నోట్‌నే పెంచి పూర్తి ప్రపోజల్ చేసేటప్పుడు వుడ్‌లు అలాగే మిగిలిపోతాయి, జాగ్రత్త. హాస్టల్ కూడా కలుపుతామన్నది నిజంగా మీరిచ్చే ఆఫర్ అయితే ‘ఇఫ్ యు ఇంక్రీజ్ ద బడ్జెట్, వి విల్ కవర్ ద హాస్టల్ యాజ్ వెల్’ అనండి. అడిగే ఉద్దేశం లేక, ఊరికే తెలియజేయడానికైతే ‘ఇఫ్ ద బడ్జెట్ వర్ లార్జర్, వి వుడ్…’ సరిపోతుంది.

పంపేముందు నేను Ctrl+F కొట్టి `would` అని వెతుకుతాను. అన్నీ కొట్టేయడానికి కాదు. ‘ద హెడ్‌మాస్టర్ సెడ్ హి వుడ్ గివ్ ఎ రూమ్’ లాంటి వాక్యంలో వుడ్ సరైనదే, నిన్న అన్న మాటను ఇవాళ చెబుతున్నాం. మిగతావాటిలో ఆ పని చేసేది మా సంస్థా, వాళ్లా అని చూస్తాను. మేమైతే, వాక్యంలో ‘చేసేవాళ్లం’ అన్న అర్థం లేకపోతే, విల్‌గా మారుస్తాను. వాళ్లయితే సాధారణంగా వదిలేసి, పక్కనున్న ఇఫ్‌లో కుడ్ ఉందో, పొరపాటున క్యాన్ ఉందో చూస్తాను.