కాగితం ఇచ్చే ముందు మీటరు చూడు

చి. బుజ్జీకి,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఓనరు కరెంటుకి యూనిట్‌కి పన్నెండు రూపాయలు తీసుకుంటున్నాడనీ, ఇంటి రేటే వెయ్యమని నువ్వు కాగితం రాసి ఇవ్వబోతున్నావనీ చెప్పింది. మన ఇంట్లో ఒకరైనా లెక్క అడుగుతున్నారని సంతోషం వేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఓనరు కట్టే బిల్లు చూడు. అందులో కేటగిరీ 1 అని ఉంటే ఇంటి కనెక్షన్, 2 అని ఉంటే వాణిజ్యం. బిల్లు చూపించనంటే మీటరు మీద ఉండే సర్వీసు నంబరు రాసుకో, దాంతో కేటగిరీ కనుక్కోవచ్చు.

నీ గదికున్న సబ్ మీటరు ఓనరు పెట్టించుకున్నది, డిపార్ట్‌మెంటుది కాదు. అది ఏ మెయిన్ మీటరు నుంచి వస్తోందో తెలియాలి. కింద కర్రీ పాయింట్ ఉందన్నావుగా? దానికి విడిగా కమర్షియల్ మీటరు ఉండి, నీ వైరు దాన్నుంచి లాగి ఉంటే అతను నిజంగానే కమర్షియల్ రేటు కడుతున్నట్టు. అప్పుడు నువ్వు అడగాల్సింది రేటు తగ్గించమని కాదు, వైరు ఇంటి మీటరుకి మార్చమని. ఓనర్ని పక్కన పెట్టుకునే, ఇంటి మీటరు దగ్గర స్విచ్ ఆపించి చూడు. నీ గదిలో లైటు ఆరితే నీ మాట నిలుస్తుంది.

టారిఫ్ పట్టిక చూసి, అన్నిటికన్నా తక్కువ రేటు వెయ్యమని మాత్రం అడగకు. మీ మూడు పోర్షన్లకీ ఒకే మీటరు కాబట్టి అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబుకి పోతాయి. నెలకి 450 యూనిట్లు అయ్యాయనుకో. తెలంగాణ 2022-23 టారిఫ్‌లో మొదటి 200కి 5.10, తర్వాతి వందకి 7.70, ఆ పై వందకి 9.00, మిగతా 50కి 9.50. మొత్తం 3,165. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, సుంకం కలిసి బిల్లు 3,375 వచ్చిందనుకుంటే యూనిట్‌కి ఏడున్నర పడుతుంది. నీ 130 యూనిట్లకి 975. పన్నెండు చొప్పున నువ్వు కడుతున్నది 1,560. మోటారు కరెంటు ఎవరి లెక్కలో పడుతోందో కూడా అడుగు, అక్కడే గొడవలొస్తాయి. నీకే విడిగా ఇంటి మీటరుంటే, 200 లోపు వాడకానికి రేట్లు ఇంకా తక్కువ కాబట్టి, అదే టారిఫ్‌లో ఆ 130కి యూనిట్ చార్జీలు 484 దాటవు. కానీ కొత్త మీటరు కావాలంటే మామూలుగా ఓనరు ఒప్పుకోలు అడుగుతారు.

ఇక నా సంగతి. 2011లో హైదరాబాద్‌లో మేం ఉన్న ఇంట్లో కూడా ఇదే గొడవ. నేను నీకన్నా దూకుడు మనిషిని. ఓనరుతో ఒక్క మాటైనా చెప్పకుండా, 'ఇంటి మీటరు మీద కమర్షియల్ రేటు వసూలు చేస్తున్నాడు' అని కరెంటాఫీసులో అర్జీ పెట్టేశాను. వాళ్లు వచ్చి నా సబ్ మీటరు వైపైనా చూడలేదు. అది మీరూ మీరూ చూసుకోవాలన్నారు. కానీ కింద జిరాక్స్ షాపు కూడా ఆ ఇంటి మీటరు మీదే నడుస్తోందని కనిపెట్టారు. నాకు అది తట్టనే లేదు, రోజూ ఆ షాపు ముందు నుంచే వెళ్లేవాణ్ణి! ఇంటి కనెక్షన్‌ని వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద రెట్టింపు రేటు వేస్తారు. ఎప్పట్నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాదికి లెక్క కడతారు. ఓనరుకి నోటీసు వచ్చిన సాయంత్రమే మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నాడు. మీ అత్తయ్యకి ఏడో నెల. ఫ్రిజ్ నేనూ ఆటో అతనూ మూడంతస్తులు దించాం. అడ్వాన్సు మూడు విడతల్లో, తిట్లతో కలిపి ఇచ్చాడు. నాకు రావలసింది నెలకి రెండు వందలు.

అందుకే నీ కాగితంలో 'ఇది డొమెస్టిక్ మీటరు' అని రాశావని వినగానే గుండె దడదడలాడింది. ఆ కర్రీ పాయింట్ కూడా అదే మీటరు మీద ఉంటే, నువ్వు మామూలుగా రాసిన ఆ మాట అతనికి బెదిరింపులా వినిపిస్తుంది. మొండిదానా, ముందు అది తెలుసుకో. అలాంటిదేదైనా ఉంటే కాగితం వద్దు. ఆదివారం పూట కూర్చుని నోటితో అడుగు. ఏమీ లేకపోతే ఇంతే రాయి: 'అంకుల్, నా సబ్ మీటరు ఇంటి కనెక్షన్ మీద ఉంది. ఈ నెల నుంచి మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించి, వచ్చిన రేటుకి నా యూనిట్లు వెయ్యండి. ప్రతి నెలా బిల్లు ఫోటో పంపండి.' పాత నెలల డబ్బు అందులో ఎత్తకు. రేటు కుదిరాక, రెండు నెలలు పోయాక అడగొచ్చు.

రెండు మీటర్లూ, వాటి నుంచి పోయే వైర్లూ కనిపించేలా ఫోటో తీసి రేపు పంపు. నేను చూసేదాకా కాగితం నీ బ్యాగులోనే ఉండనీ.

మామయ్య