బాల్కనీ స్లాబులో మెయిన్ కమ్మీ ఎక్కడ ఉండాలి?

తిరుపతిలో ఇల్లు కడుతున్నాం. 4 అడుగుల బాల్కనీకి మెయిన్ కమ్మీ పైనా, కిందా? సపోర్టులు ఎన్నాళ్లుంచాలి?

పైనే, సపోర్టులు కనీసం 14 రోజులు, వీలైతే 28. కొస కిందికి వంగితే గోడ దగ్గర స్లాబు పైభాగం సాగుతుంది, ఆ లాగుడును ఆపేది కమ్మీయే. మీ బాల్కనీకైతే అది గది స్లాబులోకి ఇంకో 6 అడుగులైనా పోవాలి.

అసలు తంటా కాంక్రీటు పోసే రోజున వస్తుంది. 5 అంగుళాల స్లాబులో కూలీల కాళ్ల కింద పైకమ్మీ అంగుళం దిగినా బలం నాలుగో వంతు దాకా పోతుంది. అది దిగకుండా దాని కింద కమ్మీతో చేసిన కుర్చీలు పెట్టించండి.

'గది స్లాబుకు సపోర్టులు 7 రోజులకే తీశాం కదా' అంటారు. గదికి చుట్టూ ఆనుడు ఉంది, బాల్కనీకి ఒక్క వైపే. తీసేటప్పుడు కూడా కొస నుంచి గోడ వైపుకు తీయాలి.